అనంతపురంలో పాలసీ, బెంగళూరులో ఆపరేషన్: ఇంటిల్లిపాదికీ హెల్త్ ఇన్సూరెన్స్ ఎంచుకునే పద్ధతి

“ఐదు లక్షల పాలసీ ఉంది. బిల్లు నాలుగు లక్షలే అయింది. అయినా లక్షా ఎనభై వేల పైన మేమే ఎందుకు కట్టాల్సి వచ్చింది?” మన జిల్లాల పాఠకులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. దీనికి జవాబు పాలసీ కాగితాల్లోనే ఉంటుంది. గది అద్దెకు హద్దు పెట్టే రూమ్ రెంట్, బిల్లులో మన వాటా అయిన కో-పే, కొన్ని జబ్బులకు డబ్బు రాకుండా ఆగాల్సిన వెయిటింగ్ పీరియడ్ అనే మూడు చోట్ల వెతికితే దొరుకుతుంది.

సీమ వాళ్లకు దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. ప్రీమియం ఇక్కడి అడ్రసు మీద కడతాం. పెద్ద జబ్బు వస్తే మాత్రం కర్నూలు వాళ్లు హైదరాబాద్‌కు, అనంతపురం వాళ్లు బెంగళూరుకు, కడప వాళ్లు తిరుపతికో వేలూరుకో చెన్నైకో బయల్దేరతాం. అందుకని పాలసీని వీధి చివర నర్సింగ్ హోమ్‌ను చూసి కాకుండా, ఆ దూరపు ఆస్పత్రిని చూసి ఎంచుకోవాలి. కింద చెప్పేదంతా ఆ లెక్క మీదే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఇంట్లో అందరి పుట్టిన తేదీలు. ఆధార్‌లో ఉన్నట్టే రాసుకోండి.
- ఎవరికి ఏ జబ్బు ఉంది, ఏ సంవత్సరం నుంచి, ఏ మాత్రలు వాడుతున్నారు అనే వివరాలు ఒక కాగితం మీద. పాత ఆపరేషన్లు ఉంటే డిశ్చార్జ్ సమ్మరీలు.
- రెండు ఆస్పత్రుల పేర్లు. ఒకటి మీ ఊళ్లోది, రెండోది అవసరం పడితే మీరు నిజంగా వెళ్లే నగరంలోది.
- చూద్దామనుకున్న రెండు మూడు పాలసీల పీడీఎఫ్‌లు. కంపెనీ వెబ్‌సైట్‌లో Policy Wordings, Customer Information Sheet అనే పేర్లతో ఉంటాయి. రంగురంగుల బ్రోచర్‌తో పని జరగదు.

ఇంట్లో ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు (మనం ఇంకా ఆరోగ్యశ్రీ అనే పిలుస్తున్నాం) ఉంటే దాన్ని పక్కన పడేయకండి. ప్రైవేటు పాలసీ తీసుకున్నంత మాత్రాన అది పోదు. మీరు వెళ్లాలనుకున్న ఆస్పత్రి, ఆ చికిత్స పథకంలో ఉన్నాయో లేవో అక్కడి ఆరోగ్యమిత్రను అడిగి రాసుకోండి. పథకం అందని చోటికే పాలసీ కావాలి.

1. మొదటి ఫోన్ ఏజెంటుకు కాదు, ఆస్పత్రికి

నగరంలోని ఆస్పత్రికి ఫోన్ చేసి ఇన్సూరెన్స్ డెస్క్‌కు కలపమనండి. మూడే ప్రశ్నలు అడగండి. సింగిల్ ఏసీ రూమ్ రోజుకు ఎంత? నర్సింగ్ చార్జీలు అందులోనే కలిసి ఉన్నాయా, వేరేనా? రూమ్‌ను బట్టి డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీ మారతాయా?

మూడో ప్రశ్న మర్చిపోవద్దు. అది ఎందుకో నాలుగో మెట్టులో తెలుస్తుంది. ఊళ్లోని ఆస్పత్రికి కూడా ఇవే ప్రశ్నలు వేసి, రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోండి.

2. ఎవరిని ఒకే పాలసీలో పెట్టాలి

ఫ్లోటర్ అంటే ఒకే మొత్తాన్ని ఇంటివాళ్లంతా వాడుకునే పాలసీ. దాని ప్రీమియం మామూలుగా ఇంట్లో పెద్దవారి వయసును బట్టి కడతారు. నలభై దాటిన దంపతులు, ఇద్దరు పిల్లలు ఉన్న పాలసీలో అరవై ఆరేళ్ల అమ్మను కలిపితే ఆ వయసు లెక్కే మొత్తానికి పడుతుంది. పైగా అమ్మకు ఒక పెద్ద చికిత్స జరిగితే ఆ ఏడాది పిల్లలకు మిగిలేది తక్కువ.

దంపతులు, పిల్లలు ఒక ఫ్లోటర్‌లో, అమ్మానాన్నలు వేరే పాలసీలో ఉండటమే మంచిది. ఆఫీసు గ్రూప్ పాలసీలో తల్లిదండ్రులను చేర్చుకునే వీలుంటే దాన్ని వదులుకోవద్దు. చాలా గ్రూప్ పాలసీల్లో పాత జబ్బులకు వెయిటింగ్ ఉండదు. ఉద్యోగం మారితే ఆ రక్షణ పోతుంది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకుని కూర్చోవద్దు.

3. ఎంత మొత్తానికి తీసుకోవాలి

నగరంలో వైద్యం చేయించుకునే నలుగురి కుటుంబానికి ఐదు లక్షలు చాలవు. పది లక్షలు కనీసం అనుకోండి. పది లక్షల పాలసీకి ప్రీమియం బరువైతే, ఐదు లక్షల మూల పాలసీ తీసుకుని, దాని మీద ఐదు లక్షల డిడక్టబుల్ ఉన్న సూపర్ టాప్-అప్ జోడించండి. మొదటి ఐదు లక్షలు మూల పాలసీ చూసుకుంటుంది, ఆ పైది సూపర్ టాప్-అప్ చూసుకుంటుంది. ఖర్చు మామూలుగా తక్కువే పడుతుంది.

ఇక్కడ పేరు సరిగ్గా చదవాలి. ఉత్త టాప్-అప్ ఒక్కో బిల్లును విడిగా చూస్తుంది. ఏడాదిలో మూడు లక్షల బిల్లులు రెండు వస్తే, ఏదీ ఐదు లక్షలు దాటలేదని ఒక్క రూపాయి ఇవ్వదు. సూపర్ టాప్-అప్ ఏడాది బిల్లులన్నీ కలిపి చూస్తుంది కాబట్టి, ఆరులో ఐదు పోగా మిగిలిన లక్ష దాని పరిధిలోకి వస్తుంది.

కోవిడ్ కాలంలో అన్ని కంపెనీలూ ఒకే నమూనాలో తెచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీ గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. చవకగా వస్తుంది, అర్థం చేసుకోవడం సులువు. కానీ దాని మూల నమూనాలో రూమ్ రెంట్ బీమా మొత్తంలో 2 శాతమే, అదీ రోజుకు 5,000 రూపాయలకు మించదు. ఐసీయూకు రోజుకు 10,000 హద్దు. ప్రతి క్లెయిమ్‌లో 5 శాతం మీరు కట్టాలి. ఊళ్లోనే వైద్యం చేయించుకునేవాళ్లకు సరిపోవచ్చు. బెంగళూరు, హైదరాబాద్‌లకు వెళ్లేవాళ్లు మాత్రం కింది మెట్టు చదివాకే నిర్ణయించుకోండి.

4. రూమ్ రెంట్: అసలు దెబ్బ తగిలేది ఇక్కడే

పాలసీలో రూమ్ రెంట్ మూడు రకాలుగా రాసి ఉంటుంది. బీమా మొత్తంలో 1 శాతం లాంటి అంకె ఒకటి. “సింగిల్ ప్రైవేట్ ఏసీ రూమ్” అని గది రకం రాయడం రెండోది. అసలు పరిమితి లేకపోవడం మూడోది.

మొదటి రకమైతే ఐదు లక్షల పాలసీకి రోజుకు 5,000. చాలా పాలసీల్లో ఆ అయిదు వేలలోనే నర్సింగ్ చార్జీలు కూడా కలిసిపోతాయి. మొదటి మెట్టులో రెండో ప్రశ్న అందుకే వేయించాం.

“రూమ్ పది వేలైతే ఏముందిలే, రోజుకు ఐదు వేలు మనమే వేసుకుంటాం” అనుకోవడం అందరూ చేసే పొరపాటు. కోత రూమ్‌తో ఆగదు. పెద్ద ఆస్పత్రుల్లో పెద్ద గది తీసుకుంటే సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీ కూడా పెరుగుతాయి. అందుకని బీమా కంపెనీ రూమ్‌లో ఎంత నిష్పత్తిలో కోసిందో, ఆ చార్జీలన్నీ అదే నిష్పత్తిలో కోస్తుంది. దీన్ని ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారు.

మొదట్లో అడిగిన నాలుగు లక్షల బిల్లునే విప్పి చూద్దాం. అంకెలు ఉదాహరణకే. అనంతపురం ఇంటావిడకు బెంగళూరులో ఆపరేషన్ జరిగింది. ఐదు లక్షల పాలసీ, రూమ్ పరిమితి 5,000. ఉన్న గది 10,000. అంటే అర్హత సగం.

- రూమ్, ఆరు రోజులు: బిల్లు 60,000. కంపెనీ ఒప్పుకునేది 30,000.
- సర్జన్, మత్తు డాక్టర్, థియేటర్ వగైరా: బిల్లు 1,80,000. ఒప్పుకునేది 90,000.
- మందులు, వాడి పారేసే వస్తువులు: బిల్లు 70,000. బీమా ఇవ్వని గ్లౌజులు, మాస్కుల్లాంటివి 10,000 తీసేస్తే 60,000.
- ఇంప్లాంట్: 60,000. పూర్తిగా ఒప్పుకుంటుంది.
- స్కానింగ్, రక్త పరీక్షలు: 30,000. పూర్తిగా ఒప్పుకుంటుంది.

మొత్తం 4,00,000లో ఒప్పుకున్నది 2,70,000. ఆ పాలసీలో 20 శాతం కో-పే కూడా ఉంది కాబట్టి ఇంకో 54,000 తగ్గి, ఆస్పత్రికి చేరేది 2,16,000. ఇంటివాళ్లు కట్టేది 1,84,000. రూమ్ తేడా ముప్పై వేలే అనుకున్నది, సర్జన్, థియేటర్ చార్జీల కోతతో కలిసి 1,20,000 అయింది. బిల్లు ఐదు లక్షల లోపే ఉంది కదా అన్నది ఈ లెక్కలో ఎక్కడా అడ్డు రాలేదు. అదే బిల్లుకు రూమ్ పరిమితి, కో-పే రెండూ లేని పాలసీ ఉంటే చేతి నుంచి పడేది ఆ పదివేలు మాత్రమే.

మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలు పూర్తిగా ఎందుకు వచ్చాయంటే, వాటి మీద నిష్పత్తి కోత వేయకూడదని బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిబంధన ఉంది. ఐసీయూ చార్జీలకు కూడా ఈ కోత వర్తించదు. రూమ్‌ను బట్టి చార్జీలు మారని ఆస్పత్రిలోనూ ఈ కోత వేయకూడదు. మూడో ప్రశ్న అడగమన్నది దీని కోసమే. డిశ్చార్జ్ రోజు కోత లెక్క చేతికిచ్చినప్పుడు మందుల బిల్లును కూడా సగం చేసి ఉంటే, అక్కడే ఆపి అడగండి.

ఏది తీసుకోవాలి? గది రకం రాసి ఉన్నదో, పరిమితి లేనిదో తీసుకోండి. గది రకం రాసి ఉంటే ఆ గది కర్నూలులో మూడు వేలున్నా హైదరాబాద్‌లో పది వేలున్నా మీకు ఒకటే. ప్రీమియం కొంచెం ఎక్కువైనా, మన జిల్లాల వాళ్లు మిగతా హంగులన్నీ వదిలేసి డబ్బు పెట్టాల్సింది దీనికే. ఇప్పటికే శాతం లెక్క పాలసీ ఉన్నవాళ్లు, చేరే రోజునే “నా పాలసీ అర్హత ఇంత, ఈ లోపు గది ఇవ్వండి” అని డెస్క్‌లో చెప్పండి. ట్విన్ షేరింగ్‌లో ఉన్నా ఆపరేషన్ చేసే సర్జన్ ఆయనే.

5. కో-పే, దాని చాటున ఉండే జోన్

కో-పే అంటే ఒప్పుకున్న మొత్తంలో మీ వాటా. అరవై దాటాక తీసుకునే పాలసీల్లో 10 నుంచి 30 శాతం దాకా కనిపిస్తుంది. తల్లిదండ్రులకు ఇది లేని పాలసీ దొరకడం కష్టమే, దొరికినా ప్రీమియం బరువు. 10 శాతం వరకైతే ఒప్పుకోవచ్చు. 30 శాతం అంటే పది లక్షల బిల్లుకు మూడు లక్షలు సిద్ధంగా పెట్టుకోవాలి. నలభై ఏళ్ల దంపతుల పాలసీలో మాత్రం కో-పే ఉండనే కూడదు.

ఇక్కడ మెలిక ఇంకోటి ఉంది. కొన్ని కంపెనీలు దేశాన్ని జోన్లుగా విడగొట్టి, చిన్న ఊళ్ల వాళ్లకు ప్రీమియం తగ్గిస్తాయి. కడప అడ్రసుతో తక్కువ ప్రీమియం కట్టి, పై జోన్‌లో ఉన్న చెన్నైలో చేరితే అప్పుడు ప్రతి క్లెయిమ్‌లో 10, 15, 20 శాతం కో-పే పడుతుంది. ఏ నగరం ఏ జోన్‌లో ఉందన్నది కంపెనీని బట్టి మారుతుంది. “మీ పాలసీలో కో-పే లేదు” అని ఏజెంటు చెప్పినప్పుడు అబద్ధం ఆడకపోవచ్చు. జోన్ కో-పే వేరే పేజీలో ఉంటుంది, అంతే.

జోన్ ఉన్న పాలసీయే నచ్చితే, పై జోన్ ప్రీమియం కట్టి ఆ కో-పే తీసేయించుకునే వీలుందేమో అడగండి. చాలా వాటిలో ఉంటుంది. హైదరాబాద్‌లో ఉండే తమ్ముడి అడ్రసు ఇవ్వడం, ప్రీమియం తగ్గుతుందని పల్లె అడ్రసు రాయడం లాంటి తెలివితేటలు వద్దు. ఫారంలో తప్పుడు వివరం తర్వాత క్లెయిమ్ మీదికే వస్తుంది.

పీడీఎఫ్ మొత్తం చదివే ఓపిక లేకపోతే, దాన్ని తెరిచి ఈ మాటలు ఒక్కొక్కటిగా టైప్ చేసి వెతకండి. దొరికిన ప్రతి చోటా ముందు వెనకా రెండు వాక్యాలు చదవండి.

```
room rent
proportionate
co-pay
zone
waiting
```

6. వెయిటింగ్ పీరియడ్‌ను తేదీలుగా మార్చుకోండి

“మూడేళ్లు ఆగాలి” అని విని మర్చిపోతాం. తేదీలు రాసి పెట్టుకుంటే మర్చిపోం. పాలసీ 2026 జూన్ 1న మొదలైందనుకుందాం.

జూన్ 30 దాకా ప్రమాదాలకు తప్ప దేనికీ రాదు. జూన్ రెండో వారంలో డెంగీతో చేరితే బిల్లు మీదే. రెండో గడువు కొన్ని పేరున్న చికిత్సలకు: కంటి శుక్లాలు, హెర్నియా, మొలలు, పిత్తాశయంలో, కిడ్నీలో రాళ్లు, గర్భసంచి తొలగింపు లాంటివి. చాలా పాలసీల్లో ఇది రెండేళ్లు, అంటే 2028 మే 31 దాకా. మోకాలి చిప్ప మార్పిడికి కొన్నింటిలో మూడేళ్లు. ఇవి పాలసీ తీసుకునేనాటికి మీకు లేకపోయినా ఈ గడువు వర్తిస్తుంది. మూడో గడువు అప్పటికే ఉన్న జబ్బులకు. 2024 నిబంధనల ప్రకారం ఇది 36 నెలలకు మించకూడదు, కాబట్టి ఆఖరు 2029 మే 31. ఇంకా నాలుగేళ్లని ఎవరైనా చెబితే పాత కాగితం చూసి చెబుతున్నారన్నమాట. షుగర్ ఉన్నవాళ్లకు షుగర్ వల్ల వచ్చే కిడ్నీ, కంటి, కాలి పుండు సమస్యలకు కూడా ఇదే గడువు. ఒకే సమస్య రెండు గడువుల కిందకూ వస్తే పెద్దదే లెక్క.

అదనపు డబ్బు కడితే పాత జబ్బుల గడువును తగ్గించే రైడర్లు ఉన్నాయి. ఇంట్లో షుగర్, బీపీ ఉన్నవాళ్లుంటే అడిగి చూడండి.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, నాలుగో ఏట ఐదు లక్షలను పది లక్షలు చేయించి, పదికీ గడువు తీరిపోయిందనుకోవడం. పెంచిన ఐదు లక్షలకు గడువు ఆ రోజు నుంచి కొత్తగా మొదలవుతుంది. అందుకే మొత్తాన్ని మొదట్లోనే సరిగ్గా పెట్టుకోవాలి. రెండు, రెన్యువల్ దాటేయడం. ఏడాదికోసారి కట్టే పాలసీకి 30 రోజుల గ్రేస్ ఉంటుంది. అది కూడా దాటితే అప్పటిదాకా గడిచిన గడువంతా పోతుంది. గ్రేస్‌లో కట్టినా, కట్టని ఆ రోజుల్లో వచ్చిన జబ్బుకు రాదు.

7. ప్రపోజల్ ఫారం మీరే నింపండి

ఏజెంటు ఫోన్‌లో ఆరోగ్య ప్రశ్నలన్నిటికీ “నో” కొట్టేసి, మీ ఫోన్‌కు వచ్చిన ఓటీపీ అడుగుతాడు. ఓటీపీ చెప్పారంటే ఆ “నో”లన్నీ మీరు చెప్పినట్టే. మూడేళ్లుగా వాడుతున్న బీపీ మాత్ర, పదేళ్ల కిందటి ఆపరేషన్, థైరాయిడ్, అడిగినవన్నీ రాయండి. దాచిన సంగతి ఆస్పత్రి కేస్ షీట్‌లోనే బయటపడుతుంది. చేరేటప్పుడు “షుగర్ ఎన్నేళ్ల నుంచి?” అని డ్యూటీ డాక్టర్ అడుగుతారు, మనం నిజం చెబుతాం, కంపెనీ ఆ కాగితం చూస్తుంది.

ఐదేళ్లు ఆపకుండా కడితే వివరాలు దాచారని క్లెయిమ్ తోసిపుచ్చకూడదనే నిబంధన నిజమే. అందులోనూ మోసం రుజువైతే మినహాయింపు ఉంది, పైగా ఆ ఐదేళ్ల లోపే జబ్బు వస్తే అది ఆదుకోదు. దాన్ని నమ్మి దాచకండి.

ఉన్నది ఉన్నట్టు చెబితే ప్రీమియం పెంచుతారేమో, వైద్య పరీక్ష చేయించమంటారేమో. ఒక కంపెనీ కాదంటే ఇంకో కంపెనీ ఇవ్వొచ్చు. కోట్ చూసేటప్పుడు ఇంకో మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ హెల్త్ పాలసీల మీద జీఎస్టీ లేదు. 18 శాతం కలిపిన కోట్ ఇస్తే పాతదని అర్థం.

8. పాలసీ చేతికొచ్చాక ముప్పై రోజుల్లో

పాలసీ అందాక 30 రోజుల ఫ్రీ లుక్ ఉంటుంది. నచ్చకపోతే రద్దు చేసుకోవచ్చు. కవర్ పడిన రోజులకు ప్రీమియం, వైద్య పరీక్షల ఖర్చు, స్టాంపు డ్యూటీ మినహాయించి మిగతాది తిరిగి ఇస్తారు. ఆ ముప్పై రోజుల్లో ఈ పని చేయండి.

పాలసీతో పాటు వచ్చిన ప్రపోజల్ ఫారం కాపీలో మీరు చెప్పిన జబ్బులన్నీ ఉన్నాయో లేదో వేలు పెట్టి చూడండి. ఒక్కటి తప్పినా అదే రోజు కంపెనీకి మెయిల్ పెట్టి, సవరించిన కాగితం తెప్పించుకోండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. పేర్లు, పుట్టిన తేదీలు, అడ్రసు, జోన్ చూడండి. కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్‌లో రూమ్ రెంట్, కో-పే, వెయిటింగ్ వరుసలు మీకు చెప్పినట్టే ఉన్నాయో లేదో సరిపోల్చండి.

తర్వాత మొదటి మెట్టులో ఫోన్ చేసిన నగరంలోని ఆస్పత్రి డెస్క్‌కే పాలసీ నంబరు, ఈ-కార్డు పంపండి. ఈ పాలసీకి అక్కడ క్యాష్‌లెస్ నడుస్తుందా, రూమ్ అర్హత ఎంతని చూపిస్తోంది అని అడగండి. వాళ్లు చెప్పిన గది, మీరు కొన్న గది ఒకటే అయితే పని అయినట్టే. కాకపోతే ఫ్రీ లుక్ గడువు ఇంకా చేతిలోనే ఉంది.

ఇప్పటికే ఉన్న పాలసీలో ఈ లోపాలు కనిపించినవాళ్లు దాన్ని వదిలేసి కొత్తది కొనవద్దు, వేరే కంపెనీకి పోర్ట్ చేయించుకోండి. అలా చేస్తే గడిచిన వెయిటింగ్ పాత బీమా మొత్తం వరకు మీ ఖాతాలోనే ఉంటుంది. రెన్యువల్‌కు కనీసం 45 రోజుల ముందే దరఖాస్తు పెట్టండి. కొత్త కంపెనీ ఒప్పుకున్నట్టు కాగితం వచ్చేదాకా పాతదాన్ని ఆపకండి. ఒప్పుకోకపోతే గడువు లోపలే పాతదాన్నే రెన్యువల్ చేయించి, దాని మీద ఒక సూపర్ టాప్-అప్ చూసుకోండి.